రెండు పొయ్యిలు, ఒకే పొలం

దాదాపు ముప్పై ఏళ్ళ కిందట మా గైడు మాస్టారి గదిలో నేను చెప్పవలసిన మాట ఒకటి ఉండిపోయింది. ‘ఆ పట్టికలు నావి కావండీ’ అన్న చిన్న మాట అది. అప్పుడు చెప్పలేదు. ఆ తరువాత నందిగామలో లెక్చరరునై, జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వచ్చిపోతూ, వందల మంది పిల్లలకు సర్వే ఎలా చెయ్యాలో పాఠం చెప్పాను గాని ఆ మాట మాత్రం ఎవరి దగ్గరా అనలేదు. మొన్న మా కాలేజీలో ఒక కుర్రాడు పట్టుబడకపోతే ఇప్పటికీ చెప్పేవాణ్ణి కానేమో.

ఇప్పుడు పిల్లలిచ్చే ప్రాజెక్టు రిపోర్టులన్నీ కంప్యూటర్లో వేసి, ఎక్కడిదైనా ఎత్తి రాశారేమో చూస్తాం. అది ప్రతి రిపోర్టునూ ఇంతకుముందు తన దగ్గర చేరినవాటితో పోల్చి, కలిసిన వాక్యాలకు రంగు పూసి చూపిస్తుంది. ఫైనలియర్ అమ్మాయి ఒకతె కౌలు రైతుల మీద ఇచ్చిన రిపోర్టు దాదాపు మొత్తం ఎర్రగా వచ్చింది. కలిసింది ఎవరిదానితో అని చూస్తే, నాలుగు రోజుల ముందు ఇచ్చిన ఆమె క్లాసు కుర్రాడిదానితో. ఊరి పేర్లు వేరు, అంకెలు ఒకటే. కుర్రాడిది మాత్రం శుభ్రంగా ఉంది, అతనిది చేరేనాటికి పోల్చడానికి అక్కడ మరొకటి లేదు కాబట్టి. ప్రాజెక్టుల కమిటీలో మిగతా అందరూ అమ్మాయే కాపీ కొట్టిందని తేల్చేశారు. ఆమె ప్రాజెక్టు రద్దయితే ఆ ఏడాది డిగ్రీ చేతికి రాదు.

కంప్యూటరు రెండూ ఒకటేనని చెప్పగలదు గాని, ఎవరిది ఎవరు తీసుకున్నారో చెప్పలేదు. ముందు ఇచ్చినవాడు ముందు రాసినవాడు కానక్కరలేదు. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఆ గదిలో లేడు.

ఎమ్మే చదివేటప్పుడు నాతో చదివిన ఒకావిడది కంచికచర్ల. ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం చెవిటికల్లులో ఎండలో ఇల్లిల్లూ తిరిగి కౌలు రైతుల వివరాలు రాసుకొచ్చింది. నాకు ఇంకో ఊరు ఇచ్చారు. నేను ఆ ఊళ్ళో బస్సు దిగి, టీ తాగి, ఎండకు భయపడి తిరిగి వచ్చేశాను. అధ్యాయాలు ఏ వరుసలో పెట్టాలో చూసి ఇస్తానని ఆవిడ చిత్తుప్రతి అడిగి తీసుకున్నాను. ఊరి పేరు మార్చాను, పట్టికలు అలాగే ఉంచాను. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నాది ముందు అయిపోయింది. ఆవిడ జ్వరం పడి వారం ఆలస్యంగా ఇచ్చింది. రెండు ఊళ్ళకు ఒకే లెక్కలు ఉండవు గనక గైడు మాస్టారు ఇద్దరినీ పిలిచారు. ఆలస్యంగా ఇచ్చిన ఆవిడనే నిలదీశారు. నావేనండీ అంటూ ఆవిడ నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయట ఆగివున్న సైకిళ్ళు చూస్తూ నిలబడ్డాను. ఆవిడ పని తోసేశారు. మళ్ళీ చెయ్యమంటే వాళ్ళ నాన్నగారు చదువు మానిపించారు. ఆ తరువాత పడిన లెక్చరరు ఖాళీలో నేను చేరాను.

ఆ రోజు ఎవరూ పొలం గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అందుకని ఈసారి నేను వేశాను. రిపోర్టుల్లో ఒక తప్పు ఉంది: ఒకే సర్వే నంబరు, ఒకే నాలుగెకరాల మిరప చేను, రెండు కుటుంబాల కింద రెండుసార్లు పడింది. ఇద్దరి రిపోర్టుల్లోనూ అంతే. ఇదెందుకు వచ్చిందని విడివిడిగా అడిగాను.

కుర్రాడు కాగితం తిప్పి చూసి, “టైపింగ్ మిస్టేక్ అయ్యుంటుంది సార్” అన్నాడు.

అమ్మాయి కాగితం వంక చూడనైనా లేదు. “వాళ్ళు అన్నదమ్ములు సార్. చేను కలిపే కౌలుకి తీసుకున్నారు. ఆడవాళ్ళకి పడక పొయ్యిలు వేరు పెట్టుకున్నారు. మీరే కదా పొయ్యిని బట్టి కుటుంబం లెక్కెయ్యమన్నారు? వేసేసా. ఎకరాలు రెండుసార్లు పడతాయని తట్టలేదు సార్. మార్కులు తగ్గిస్తారా?”

ఆ తప్పు చెయ్యాలంటే ఆ రెండు పొయ్యిల దగ్గరా కూర్చుని ఉండాలి. ఆమె రిపోర్టు నిలబడింది.

కుర్రాణ్ణి మాత్రం స్టాఫ్ రూములో ఒంటరిగా కూర్చోబెట్టాను. ఫార్మాట్ కోసమని ఆమె ఫైలు పెన్ డ్రైవ్‌లో తీసుకున్నాడట. నా మాటే, ముప్పై ఏళ్ళ తరువాత.

“ఇవన్నీ ఎవరు చదువుతారు సార్?” అన్నాడు తల దించుకుని.

ఎవరూ చదవరనే నేనూ అనుకున్నానని చెప్పాను. అలా మొదలుపెట్టాక ఆపలేకపోయాను. జ్వరం, సైకిళ్ళు, అన్నీ చెప్పాను. అంతా విని అతను అడిగాడు:

“మరి ఆవిడకి చెప్పారా సార్?”

లేదన్నాను. అతను లేచాడు. వరండాలో నిలబడి ఉన్న అమ్మాయి దగ్గరకు వెళ్ళాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు గాని ఆమె అన్నది వినిపించింది. “వెధవా, అడిగితే నేనే తీసుకెళ్ళేదాన్ని కదరా ఊళ్ళోకి! అన్నం కూడా పెట్టారు తెలుసా?” అతను మళ్ళీ సర్వే చేసి ఇవ్వాలని కమిటీ నిర్ణయించింది. చేస్తున్నాడు.

ఆ సాయంత్రం జగ్గయ్యపేటలో నా గదికి వచ్చి కూర్చుంటే, నేను ఒంటరివాణ్ణి ఎందుకయ్యానో మొదటిసారి తిన్నగా ఆలోచించాను. పాత స్నేహితుల పెళ్ళిళ్ళకు వెళ్ళలేదు. ఫోన్లో గ్రూపు పెడితే బయటికి వచ్చేశాను. ఎక్కడ ఆవిడ ఎదురవుతుందోనని నందిగామ దాటి కంచికచర్ల వైపు బస్సు ఎక్కడమే తగ్గించుకున్నాను. గంట కూడా పట్టని ఆ దారి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. మా రోజుల్లో ఎత్తి రాయాలన్నా రాత్రంతా చెయ్యి నొప్పెట్టేలా రాయాలి, ఇప్పుడు క్షణంలో పని. పట్టుకోవడమూ క్షణమే. ఒప్పుకోవడం ఒక్కటే అప్పుడెంత కష్టమో ఇప్పుడూ అంతే.

ఆదివారం బయలుదేరాను. ఈసారి నందిగామలో దిగలేదు. ఆవిడ కంచికచర్లలోనే ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతోందని తెలుసు. ఇల్లు కనుక్కుని తలుపు తట్టాను. ఆవిడే తీసి గుర్తుపట్టింది, కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను. పట్టికలు మీవి, నేను దొంగిలించాను, ఆ రోజు నోరు విప్పలేదు, విశ్వవిద్యాలయానికీ ఇదే రాసి పంపాను, క్షమించండి అన్నాను.

ఆవిడ లోపలి గది వంక చూసింది. “నాకు తెలిసిందేగా అది. మా అమ్మకి చెప్పండి. నేనే కాపీ కొట్టాననుకుంటుంది ఇప్పటికీ. కాస్త గట్టిగా చెప్పాలి, వినపడదు.”

లోపలి గదిలో మంచం మీద ఉన్న పెద్దావిడ చెవి దగ్గరకు వంగి చెప్పాను. “ఏంటి బాబూ?” అంది. ఇంకా గట్టిగా చెప్పాను. పక్కింట్లో టీవీ ఆగింది. మూడోసారి దాదాపు అరిచాను: “తప్పు నాదమ్మా! మీ అమ్మాయి చెయ్యలేదు. నేను చేశాను. క్షమించండి!”

పెద్దావిడ కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది. నా వైపు తిరిగి నెమ్మదిగా అంది:

“వాళ్ళ నాన్న ఉండగా రావాల్సింది బాబూ.”