ఆఖరి పేరు నాది

మా వదిన పోయిందన్న కబురు నాకు గ్రౌండులో తెలిసింది. కామెర్లు ముదిరి నెల్లూరు ఆసుపత్రిలో ఉంది. నేడో రేపో ఇంటికి తెచ్చేస్తామని అన్న చెబుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రం మేం సముద్రం పక్కన ఇసుక మీద చాప పరిచి ప్రాక్టీసు చేసుకుంటున్నాం. అన్న ఫోన్ చేసి, "మీ వదిన లేదురా" అని మాత్రం అన్నాడు. బ్యాటు చేత్తో పట్టుకునే ఇంటికి నడిచాను.

మైపాడులో మా వీధి క్రికెట్ జట్టును ఎరిగినవాళ్ళకి మా వదిన గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్పాలి. ఆమె ఎన్నడూ బ్యాటు పట్టలేదు. బంతి వైడో నోబాలో కూడా మమ్మల్నే అడిగేది. కానీ మేం ఏ టోర్నమెంటు గెలిచినా నలుగురికీ తెలిసేది ఫేస్‌బుక్‌లో ఆమె పెట్టే పోస్టుతోనే. కప్పు మా కెప్టెన్ శీనయ్య ఇంట్లో బీరువా మీద దుమ్ము పట్టేది. వదిన పోస్టును మాత్రం జనం నెలల తర్వాత కూడా వెతుక్కుని చదివేవాళ్ళు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. రాస్తాను. కానీ ముందే చెప్పేస్తున్నా, ఆ పోస్టుల విషయంలో నాకు చాలా కుళ్ళు. ఆమె ఉన్నప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అది దాచి రాస్తే ఆమెకే నవ్వొస్తుంది.

వదిన విడవలూరు వైపు పల్లె నుంచి మా ఇంటికి కోడలుగా రాకముందు పోస్టులు శీనయ్యే పెట్టేవాడు. వరసగా మంట బొమ్మలు, 'మాతో పెట్టుకుంటే ఇంతే' అని ఒక ముక్క, కప్పు తనే పట్టుకున్న ఫోటో. ఒకసారి పేర్లు రాస్తూ, ఫైనల్లో మూడు వికెట్లు తీసిన ఎడంచేతి బౌలర్ కోటిని మరిచిపోయాడు. కోటి అలిగి పక్కవీధి జట్టులో చేరిపోయాడు. ఓడినవాళ్ళేమో ఆ మంటలు చూసి మండిపడి, వాళ్ళ ఊళ్ళో పెట్టిన తర్వాతి టోర్నమెంటుకి మమ్మల్ని పిలవనే లేదు.

అప్పటికి వదిన కొత్త కోడలు. నా ఫోన్‌లో ఆ పోస్టు చూసి, "ఏంది అబ్బయా ఇది? గెలిచినట్టు లేదు, కొట్లాడి వచ్చినట్టుండాది" అంది. ఆ తర్వాత గెలిచినప్పుడు ఫోటో దగ్గర్నుంచి అంతా తనే చూసుకుంది.

ఫోటోకి ముందు వరస మోకాళ్ళ మీద కూర్చోవాలి, వెనక వరస నిలబడాలి, ఎండ ముఖాల మీద పడాలి. కప్పు మాత్రం ఆ రోజు ఆడే అవకాశం రానివాడి చేతికివ్వాలి. పేర్లు ఎడమ నుంచి కుడికి ఎవరినీ వదలకుండా రాసేది. వీధిలో మేం బోండా అని పిలిచే వికెట్ కీపర్‌ని పక్కకి పిలిచి, "నీ పేరు పూర్తిగా ఎట్టా రాయమంటావు?" అని అడిగింది. వెంకటరమణయ్య అని తన పేరు పోస్టులో చూసుకుని వాడు రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, అంత గర్వం. రెండు జట్ల స్కోర్లూ, ఎన్ని ఓవర్లో ఉండాలి. కప్పు ఇచ్చిన దాత, అంపైర్లు, ఇసుక చదును చేసిన ట్రాక్టరాయన, నీళ్ళ క్యాన్లు మోసినవాళ్ళు, అందరికీ నమస్కారం ఉండాలి. 'చిత్తుగా ఓడించాం' లాంటి మాట కనబడకూడదు. ఓడిన జట్టులో బాగా ఆడినవాడి మీద ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. అందుకని ఓడినవాళ్ళు కూడా ఆ పోస్టును షేర్ చేసుకునేవాళ్ళు. అట్లా మా వీధి పేరు నాయుడుపేట దాకా పాకింది.

శీనయ్యకి తొందరెక్కువ. కప్పు చేతికొచ్చిన నిమిషంలో పోస్టు పడాలంటాడు. వదిన ఒప్పుకునేది కాదు.

"వాళ్ళు ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కొని, రెండు ముద్దలు తిన్నాక పెడదాం. దోవలో చూస్తే పాపం, ముద్ద గొంతు దిగదు" అనేది.

ఒక గెలుపప్పుడు, అదే వారంలో కోటి వాళ్ళ తాత పోయి ఉన్నాడు. కప్పు తాతకే అంకితమని రాయమన్నాడు శీనయ్య. "గెలిచిన పోస్టులో ఏడుపు పెడితే ఆడినోళ్ళకి ఏం మిగులుద్ది? తాత గురించి వేరేగా రాద్దాం, బాగా రాద్దాం" అంది వదిన. అన్నట్టే రాసింది. కోటి అప్పటికే మా జట్టుకి తిరిగొచ్చేశాడు. రమ్మని మేమెవరమూ అడగలేదు. ఆ పోస్టుల్లో పేరు పడాలనే వచ్చాడు.

ఇక నా సంగతి. నేను ఓపెనర్ని. గొప్ప కోసం కాదు, చూసినవాళ్ళెవరైనా చెబుతారు, జట్టులో సగం పరుగులు నావే. ఒక ఏడాది మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్‌కి ప్రెషర్ కుక్కర్ ఇచ్చారు. వదిన అందులోనే రోజూ పప్పు వండేది. కానీ పోస్టులో మొదటి పేరు నాది కాదు. ఆ రోజు మొదటి పేరు, డైవ్ కొట్టి ఒక్క ఫోర్ ఆపినవాడిది. ఇంకోసారి, అంపైరుగా నిలబడి సొంత తమ్ముడికి రనౌట్ ఇచ్చినవాడిది. వాళ్ళ గురించి ఒక్కో వాక్యం ఎంత ముచ్చటగా రాసేదో! అన్నీ అయ్యాక చివర్న, '...ఇంకా మా మరిది' అని రెండు ముక్కలు. నా పేరు కూడా ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు ఆమె చేపలు తోముతుంటే ఎదురుగా కూర్చుని అడిగేశాను.

"అరవై కొట్టింది నేను. ఆ కుక్కరు తెచ్చింది నేను. నా పేరెందుకు వదినా ఆఖర్న?"

"మనింట్లో విందు పెడితే మనం ఎప్పుడు తింటాం?"

"అందరూ తిన్నాక."

"పోస్టు పెట్టేది మనింట్లోనించే గదా అబ్బయా."

"ఆఖర్న కూర్చుంటే చారే మిగులుద్ది."

"చారే మిగలనీ. వండింది మనమే గదా" అని, పొలుసు చేత్తోనే నా నెత్తిన ఒకటి వేసింది. నాకు నవ్వు రాలేదు. నాకు కావలసింది ఒక్క వాక్యం. నా ఆట గురించి, ఆమె మాటల్లో, ఒకే ఒక్కటి.

అది రాయకుండానే పోయింది.

ఆమెను ఇంటికి తెచ్చిన రోజు మా వీధంతా జనం. మేం ఓడించిన జట్లవాళ్ళు కూడా ఆటోలు కట్టించుకుని వచ్చారు. ఒక్కొక్కరూ అన్న చేయి పట్టుకుని, వదిన తమ గురించి రాసిన వాక్యం అప్పజెప్పారు. "'గాలికి ఎదురు పరిగెత్తి క్యాచ్ పట్టినాడు, గాలే పక్కకి తప్పుకుంది' అని రాసినాదన్నా నా గురించి" అని ఒకడు ఏడ్చాడు. కోటికి తన వాక్యాలన్నీ కంఠతా వచ్చు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని అవన్నీ విన్నాను. అందరికీ ఆమె ఏదో ఒకటి ఇచ్చిపోయింది, నాకు తప్ప. అక్కడ, ఆ సమయంలో కూడా వాళ్ళను చూసి కుళ్ళుకున్నాను. ఏడుపులో అదీ కలిసిపోయింది కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

పెద్దకర్మ అయ్యాక చుట్టుపక్కల వీధుల టోర్నమెంటు వచ్చింది. ఆడొద్దనుకున్నాం. "ఆడండిరా. ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు?" అన్నాడు అన్న. ఆడాం, ఫైనల్‌కి వచ్చాం. ఆఖరి బంతికి మూడు పరుగులు కావాలి. అంతకు ముందు బంతికి కోటి, పిక్క పట్టేసిన కాలితో కుంటుకుంటూ ఒక పరుగు తీసి నాకు బ్యాటింగ్ ఇచ్చాడు. మా గ్రౌండులో సముద్రం వైపు లేపి కొడితే మధ్యాహ్నపు గాలి బంతిని వెనక్కి తోస్తుంది. ఇంకోవైపు సరుగుడు తోపులో పడితే, వెతకడం కష్టమని, రెండు పరుగులే ఇస్తారు. అందుకని నేల మీదే కొట్టాను. హద్దుగా పరిచిన పాత వల తాడు దాటి పోయింది బంతి. అందరూ నన్ను భుజాల మీదికెత్తారు. నాకు మాత్రం ఒకటే ఆలోచన, ఈ పోస్టు ఎవరు పెడతారు?

శీనయ్య రాస్తానన్నాడు. రెండు మంట బొమ్మలు పెట్టి ఆగిపోయి, "నా వల్ల కాదబ్బా, నువ్వే రాయి. అక్క ఫోన్‌లోంచే పెడదాం, అందరూ చూసేది అందులోనే గదా" అన్నాడు. అన్న లోపలికెళ్ళి వదిన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఈసారన్నా నీ పేరు ముందు రాసుకో, గెలిపించింది నువ్వేగా" అన్నాడు కోటి, మనస్ఫూర్తిగానే.

రాసుకున్నాను. 'ఆఖరి బంతికి ఫోర్ కొట్టి' అని మొదలుపెట్టి, నా పేరు రాసి, పైకి చదివాను. నా వీపు నేనే చరుచుకున్నట్టుంది. చెరిపేశాను. మళ్ళీ రాశాను, మళ్ళీ చెరిపాను. నాకు కావలసిన వాక్యం నేను రాసుకుంటే వచ్చేది కాదు.

అప్పుడిక ఆమె లెక్కనే పట్టుకున్నాను. కుంటుకుంటూ పరిగెత్తిన కోటిని మొదట పెట్టాను. రాస్తుంటే కడుపు మండింది, కానీ వాక్యం బాగానే కుదిరింది. ఓడిన జట్టు బౌలర్, ఆఖరి ఓవర్లో చెమటకి బంతి జారుతున్నా ఒక్క వైడ్ కూడా వేయలేదు, అది రాశాను. ట్రాక్టరాయన్ని, నీళ్ళ క్యాన్లని మరిచిపోలేదు. అక్కకి అంకితమని రాద్దామా అని శీనయ్య అడిగితే, వేరేగా రాద్దామన్నాను. ఇప్పుడు మీరు చదువుతున్నది అదే. పేర్లన్నీ అయ్యాయి. నా వంతు వచ్చేసరికి వేళ్ళు వాటంతటవే '...ఇంకా మా మరిది' అని కొట్టేశాయి. ఫోన్ ఆమెది, రాసినవాణ్ణి నేను. దిద్దబోయి ఊరుకున్నాను. ఓడినవాళ్ళు ఇల్లు చేరి, తిని ఉంటారనుకున్నాక పోస్టు పెట్టాను. ఆ ఫోన్ ఎప్పటిలాగే వంటింట్లో కుక్కరు పక్కన ఛార్జింగ్‌లో పెట్టి, వాకిట్లోకొచ్చి కూర్చున్నాను.

నా ఫోన్ తెరిచి చూస్తే అప్పుడే కామెంట్లు. కోటి తన వాక్యాన్ని షేర్ చేసేశాడు. పోస్టు కింద ఒకతను రాశాడు. ఒకప్పుడు పక్కవీధి జట్టులో ఆడి, చెన్నై వైపు బోటు పనికి వెళ్ళినవాడు. వదిన పోయిన సంగతి అతనికి తెలిసినట్టు లేదు.

'ఎంత బాగా రాసినావక్కా! అయినా ఈసారి కూడా మరిదిని ఆఖర్నే పెట్టినావే. మీ ఇంట్లో అంత బాగా ఆడేవాడు ఉండాడని మాకు తెలీదనుకున్నావా?'

నా రాత మెప్పు కూడా ఆమెకే పోయింది. ఆమె మీద మళ్ళీ కుళ్ళొచ్చింది. కళ్ళు మసకబారి కాసేపు ఏమీ కనబడలేదు. తుడుచుకుని చూస్తే, పోస్టు పక్కన గుండ్రంగా ఆమె ఫోటో. సముద్రపు గాలికి కొంగు పట్టుకుని, ఎండకి కళ్ళు చికిలించి ఉంది. దాని అంచున, మనిషి ఉన్నట్టు చూపించే ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది.