బుడ్డలు దొరకని కర్నూలు

మా కిరాణా యాప్‌లో కర్నూలు వాళ్లు వేరుశెనగలు కొనడం లేదని, వాటిని తీసేద్దామన్నాడు మా గుంటూరు మేనేజరు. తీసేస్తే వాటిని మాకు పంపే కదిరి మహిళా సంఘం సరుకంతా గోదాములోనే మిగిలిపోతుంది. యాప్‌లో సరుకుల పేర్లు రాసే ఓబులేశ్వరి ఫోన్ తీసి చూపించింది.

"మీ వేరుశెనగలు, హైదరాబాదోళ్ల పల్లీలు మాత్రమే పెట్టినారు సార్. కర్నూలోళ్లు బుడ్డలని, మా కదిరోళ్లు చెనక్కాయలని వెతుకుతారు. ఏమీ లేవని వస్తే పోక ఏం జేస్తారు?"

"అయితే శెనగలు కూడా చేర్చు."

"అవి వేరే సరుకు సార్. శెనగలు కావాల్సినోళ్లు మనల్ని తిడతారు."

పైకి కనిపించే పేరు మార్చకుండా, వెతికే మాటల్లో బుడ్డలు, చెనక్కాయలు చేర్చింది. మా ఓబులేశ్వరి దెబ్బకి సాయంత్రానికల్లా బస్తాలు వాటంతటవే లేచి కర్నూలు బస్సెక్కాయి. నేను చూశాను, నమ్మండి.