మైదాకు చాటు ఎరుపు

మా వదినె, అంటే మా ఆయన అక్క, నోటితో అబద్ధమాడి ఎరగదు. ఆ ఆషాఢంలో మాత్రం ఆమె చేతులే ఆ పని చేశాయి.

పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ కోసి తీసేశాక హైదరాబాద్ డాక్టరు ఆమెకు గోళీలు రాశాడు. రెండు వారాలు మింగాలి, ఒక వారం ఆపాలి, మళ్లీ మొదలు. అప్పటికే మొగుడు పోయి, బోధన్‌లో మా ఇంట్లోనే ఉండేది. మొదటిరోజే డాక్టరు మా ఇద్దరికీ కలిపి చెప్పాడు. "అరచేతులు, అరికాళ్లు ఎర్రబడొచ్చు, మండొచ్చు. నొప్పి పుట్టినా, పొక్కులు లేచినా గోళీలు ఆపి వెంటనే ఫోన్ చేయండి. తర్వాత చూద్దాం అనుకోవద్దు." పొద్దున, సాయంత్రం రాయమని మలాము కూడా ఇచ్చాడు. వేడినీళ్లు, బీడీలు చుట్టడం, గట్టి చెప్పులు వద్దన్నాడు.

నేను అన్నీ విన్నాను. ఆమె ఒక్క మాటే విన్నది.

"ఆపుడేంది పిల్లా?" అన్నది తిరుగు బస్సులో. "మా కోటగిరిల ఒకామెకు గిట్లనే మందు బంద్ జేసిండ్రు. నెల తిరగకముందే పోయింది."

"ఆమెకిగ చేసేదేం లేక బంద్ జేసిండ్రు వదినే. నీకట్ల కాదు."

"గట్లనే అంటరు," అని కిటికీ వైపు తిరిగింది.

రెండో విడతలో వేడి చాయ్ గ్లాసును కొంగుతో పట్టుకోవడం మొదలుపెట్టింది. పాదాల అంచుల మీద నడిచేది. ఏమైందంటే మాట మార్చేది. అంతలో ఆషాఢం వచ్చింది, మైదాకు కావాలన్నది. నాకు సంతోషమైంది, రోగం మరిచిపోయి మనిషి మామూలైందనుకున్నాను. నూరిచ్చాను. చుక్కలు కాదు, అరచేయంతా మెత్తుకున్నది. అరికాళ్లు కూడా, మడమ నుంచి వేళ్ల దాకా.

"గీ వయసుల గీ సోకేంది వదినే, మల్ల పెండ్లా?"

"నీకెందుకే కుళ్లు?" అని నవ్వింది. నవ్వుతూనే పళ్లు బిగబట్టింది. అది నాకు నచ్చలేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఆమె చేతులు తిప్పి చూశాడు. పండిన మైదాకు తప్ప ఏం కనబడుతుంది?

"మంట ఏమైనా ఉందామ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన మూడో విడత రాశాడు. బస్సులో ఆమె కాళ్లు కింద పెట్టలేదు, సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నది. ఏదో కీడు శంకించింది నా మనసు, కానీ దానికి పేరు పెట్టలేకపోయాను.

ఒక పొద్దున ఆమె మంచం దిగలేదు. వెళ్లి దుప్పటి తీశాను. మైదాకు రంగు పట్టిన తోలు పెచ్చులుపెచ్చులుగా లేచి ఉంది, కింద పచ్చిమాంసంలా ఎర్రగా చెమ్మ. అరికాలి పొక్కు చిట్లి దుప్పటికి అంటుకుంది. మంచం పక్కన ఉప్పు, పసుపు కలిపిన వేడినీళ్ల బకెట్. మంట తగ్గుతుందని ఎవరో చెబితే రోజూ అందులో కాళ్లు పెట్టుకుంటున్నదట. ఇంకా కాల్చుకున్నట్టే కదా!

"సావాలనుందా నీకు?" అని అరిచాను.

"బతకాలనుందే," అన్నది. "అందుకే సెప్పలె."

ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తాను. డాక్టరు గోళీలు ఈ పూటే ఆపమన్నాడు. చన్నీళ్లలో కాసేపు ఉంచి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. మలాము చిట్లని చోట పొరగా రాయాలి. పొక్కులు గిల్లొద్దు, కాళ్లు ఎత్తులో పెట్టాలి. జ్వరమొచ్చినా, చీము కనబడినా వెంటనే తీసుకురావాలి. "చిట్లిన తోలుకు చీము పడితే ప్రాణానికే ముప్పు," అన్నాడు.

నేను గోళీల డబ్బా తీసుకుంటుంటే ఆమె నా వైపు చూసిన చూపు పగవాళ్లకు కూడా వద్దు. తన పాడె నేనే కడుతున్నట్టు చూసింది.

తోలు మెల్లగా కట్టుకున్నది. మళ్లీ వెళితే డాక్టరు గోళీలు తగ్గించి మొదలుపెట్టాడు. "తగ్గించినంత మాత్రాన మందు పని చేయకుండా పోదమ్మా. చేతులు ఎర్రబడటం రోగం పోతోందనడానికి గుర్తు కాదు, ఎర్రబడకపోవడం పోలేదనడానికి గుర్తు కాదు," అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మెత్తటి చెప్పులు కొన్నాం. మలాము నేనే రాసేదాన్ని.

అరచేతులు తెల్లగా, నున్నగా అయ్యాయి. ఆమె రోజూ వెలుతురులోకి పట్టి చూసుకునేది. "ఎర్రగైతలేవే పిల్లా," అనేది. "మందు పడ్తలేదేమో." నేను కసురుకునేదాన్ని. డాక్టరు చెప్పింది చెవికెక్కలేదా అని తిట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే పక్కన కూర్చుని, మెల్లగా ఆమె పిడికిలి విప్పి చూశాను. ఎక్కడా ఎరుపు లేదు. నేనూ ఆమెలాగే ఆ చేతిని వెలుతురులోకి పట్టి, ఎరుపు కోసం మళ్లీ వెతికాను.