కిటికీ పక్క నుంచి ముందు బెంచీకి

జహీరాబాద్‌లో నేను ఏడో తరగతికి లెక్కలు చెప్పిన రోజుల్లో మా బడిలో మార్కుల వరస అని ఒక పద్ధతి ఉండేది. నెల పరీక్షలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లు ముందు బెంచీ, తక్కువొస్తే వెనక బెంచీ. పెద్దసారుకు ఆ వరస అంటే ప్రాణం. నాకూ బాగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. పాఠం చెప్తూ తల ఎత్తితే తెలివైన మొహాలే కనిపించేవి, నాకు నేనే గొప్ప టీచర్‌లా అనిపించేదాన్ని.

ఆ వరస చివర, వెనక బెంచీలో, కిటికీ పక్కన ఒక అమ్మాయి ఉండేది. కిటికీ అవతల బొంబాయి రోడ్డు. ఆ పిల్ల వాళ్ల నాయనకు అదే రోడ్డు మీద పంచర్ దుకాణం. అందుకని లారీ చప్పుడు వింటే చాలు, నిండుగా పోతోందో ఖాళీగా పోతోందో చెప్పేసేది. నేను బోర్డు మీద ఇరవై లెక్కలు వేస్తే మొదటిది సగం చేసి, పందొమ్మిదోదానికి దూకి, మధ్యలో పెన్సిల్ చెక్కుకుని, పక్కపిల్ల జడ రిబ్బను సరిచేసి, లేచి కిటికీలోంచి తొంగి చూసేది. నోటితో అడిగితే మాత్రం జవాబు టక్కున చెప్పేది. అదే నాకు మరింత కోపం. వచ్చి కూడా చేయడం లేదంటే పొగరే అనుకున్నాను.

నా కోపం అప్పట్లో బడి మొత్తానికీ తెలుసు. గది ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేలా పేరు పెట్టి అరిచేదాన్ని. ఆటల పీరియడ్ మాన్పించి లెక్కలు పూర్తి చేయమని కూర్చోబెట్టేదాన్ని. ఆ మధ్యాహ్నాలు మరీ ఘోరంగా ఉండేవి. ఆడుకోకుండా ఉన్న ఆ పిల్ల కాళ్లు బెంచీ కింద ఒక్క క్షణం ఆగేవి కావు. నా శిక్ష వల్లే అలా అవుతోందని నాకు తట్టనేలేదు.

అర్ధసంవత్సర పరీక్షలయ్యాక వాళ్ల నాయన బడికి వచ్చాడు. చేతులకు గ్రీజు, మర్యాదగా గుమ్మం బయటే నిలబడ్డాడు.

"గీ పొల్లకు చదువు అంటదా టీచరమ్మా? ఏడో తరగతి పరీక్ష తప్పితే ఇగ ఇంట్లనే ఉంచుత. తమ్ముణ్ణి జర చూస్కుంటది. వాళ్లమ్మ అల్లం చేన్లల్ల పనికి పోతది."

"ఇంకా నాలుగు నెలలు ఉంది, చూద్దాం" అన్నాను. ఆ పిల్ల నాయన వెనక నిలబడి ఉంది. ఎప్పుడూ ఆగని ఆ కాళ్లు ఆ ఒక్కసారి ఆగిపోయి ఉన్నాయి. నాకు చాలా సిగ్గేసింది.

దారి దొరికింది మాత్రం నా తెలివితో కాదు. ఒకరోజు సుద్దముక్కలు అయిపోతే ఆఫీసు గది నుంచి తెమ్మని ఆ పిల్లనే పంపాను, కాసేపు గదిలో ప్రశాంతంగా ఉంటుందని. పరుగున వెళ్లి వచ్చింది. వచ్చి కూర్చుని నాలుగు లెక్కలు తల ఎత్తకుండా చేసింది. నాలుగూ సరైనవే. మర్నాడు కావాలని నీళ్ల కుండ నింపడానికి పంపాను. మళ్లీ అంతే.

పెద్దసారు దగ్గరికి వెళ్లి, ఆ పిల్లను ముందుకు తెచ్చుకోవాలి, మార్కుల వరస మా తరగతికి తీసేస్తానన్నాను.

"వరస తీస్తే పిల్లలకు భయం ఎట్ల ఉంటదమ్మా?" అన్నారాయన.

"భయానికి ఇప్పటిదాకా పాస్ మార్కులు రాలేదు సార్" అన్నాను. ఆయన నవ్వి ఒక నెల గడువిచ్చారు.

అమ్మాయిని ముందు బెంచీకి, నా బల్లకు చేయి చాచితే అందేంత దగ్గరికి తెచ్చాను. కిటికీ, తలుపు రెండూ వెనక్కి పోయాయి. పక్కన మొదటి ర్యాంకు పిల్లను పెట్టలేదు, ఆమెకు చిరాకెక్కువ. నిదానంగా తన పని తాను చేసుకునే మరో అమ్మాయిని కూర్చోబెట్టాను. అరవడం మానేసి, ధ్యాస తప్పినప్పుడు బెంచీ మూల మీద వేలితో రెండుసార్లు తట్టేదాన్ని. అరవకుండా ఉండటం నాకెంత కష్టమైందో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు.

ఇరవై లెక్కలు ఒకేసారి ఇవ్వడం కూడా పోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టించాను. ఒక మడతలో మూడు లెక్కలు. అవి కాగానే నాకు చూపించాలి, ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పడాలి, లేచి బోర్డు తుడవాలి, తర్వాత రెండో మడత. మొదటి వారం లేవాలన్న తొందరలో కూడికకు బదులు తీసివేతలు చేసి పారేసింది. అందుకని లేచే ముందు ప్రతి గుర్తు మీద వేలు పెట్టి చూసుకోవాలని ఒక నియమం కలిపాను. పొద్దున రాగానే సంచి మేకుకు, బల్ల మీద ఒక్క పుస్తకమే. ఆ రోజు ఏ పని తర్వాత ఏ పనో బోర్డు మూలన రాసేదాన్ని, అదీ రోజూ ఒకే క్రమంలో. ఆటల పీరియడ్ జోలికి మళ్లీ పోలేదు.

"గామెకే ఎందుకు టీచర్, మాక్కూడా మడతలు కావాలె" అని మిగతావాళ్లు గోల. సరే, అందరికీ మడతలే. తరగతి మొత్తం తప్పులు తగ్గాయి. నెల గడువు సంగతి పెద్దసారు మళ్లీ ఎత్తలేదు.

అయితే ఏడో తరగతికి అప్పట్లో బోర్డు పరీక్షే, అదీ వేరే బడిలో. అక్కడ నేనుండను, టిక్కు పెట్టేవాళ్లుండరు, లేవనివ్వరు. అందుకని చివరి రెండు నెలలు ఎర్ర పెన్సిల్ ఆమెకే ఇచ్చేశాను. తన టిక్కు తనే పెట్టుకోవాలి. లేవడానికి బదులు కలం కింద పెట్టి, పాదాలు నేలకు గట్టిగా అదిమి, పది లెక్కపెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. ముందు అరగంట, తర్వాత ముప్పావుగంట, అలా పెంచుతూ పోయాం. కొన్ని రోజులు ఏమీ సాగేది కాదు. ఆ రోజులు వదిలేసేవాళ్లం.

లెక్కల పరీక్ష రోజు గేటు దగ్గర నిలబడ్డాను. అందరికంటే ఆఖరున బయటికొచ్చింది.

"కిటికీ పక్కనే పడ్డది నంబరు" అంది. "లారీలు మస్తు పోయినయ్ టీచర్. పేపరు మడత పెడ్తుంటే సారు వద్దన్నడు. అట్టతోని కప్పి, కొంచెం కొంచెం జరుపుకుంట చేసిన. ఒక లెక్క విడిచిన."

ఆ కప్పడం నేను నేర్పింది కాదు.

లెక్కల్లో నూటికి నలభై ఒకటి వచ్చాయి. అన్నిట్లో పాస్. వాళ్ల నాయన కూతురితో వచ్చి, ఈసారి గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

"పెద్ద బడికి పంపుత టీచరమ్మా. గానీ ఆడి సార్లకు ఈమె సంగతి ఎట్ల ఎర్కైతది? జర చిట్టీ రాసియ్యున్రి."

సంతోషంగా రాశాను. ఎక్కడ కూర్చోబెట్టాలి, పని ఎలా ముక్కలు చేయాలి, ఎప్పుడు లేవనివ్వాలి, పేజీ అటూ ఇటూ నిండింది. పిల్ల చేతికిచ్చాను. అక్కడే నిలబడి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. అంత పొడవు కాగితం మధ్యలో ఆగకుండా చదవడం నేను చూడటం అదే మొదటిసారి. చదివి, మడిచి, నా బల్ల మీద పెట్టేసింది.

"ఇది మీ దగ్గర్నే ఉంచున్రి టీచర్" అంది. "నాకు ఎట్ల కూసుంటే అయితదో నేనే చెప్పుకుంట."