నిటారుగా ఇచ్చిన కొలత

మా అక్క చివరిసారిగా చేసిన మామూలు పని, కొత్త ప్యాంటు వెనక జేబులు బ్లేడుతో ఊడదీయడం. పిన్ని ముచ్చటపడి కొనిచ్చిన ప్యాంటు అది. దారాలు ఒక్కొక్కటే తెంపి, రెండు జేబులనీ చచ్చిన బొద్దింకల్లా కొసలు పట్టుకుని చెత్తబుట్టలో పడేసింది.

"రోజంతా వీటి మీదే కదే కూర్చునేది, వీటిలో ఏం పెట్టుకోవాలట? ఛీ," అని చేతులు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నమే జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. ఆసుపత్రి నుంచి మళ్ళీ రాలేదు.

"ఛీ" అన్నది ఆవిడ ఊతపదం. స్కూటర్ మీంచి పడి నడుం కింద చచ్చుబడక ముందు కూడా అనేదేమో, నాకు గుర్తులేదు. ఆ తర్వాత మాత్రం రోజుకి పదిసార్లు అనేది, అందులో ఎనిమిది బట్టల గురించే. దానికి కారణం ఉంది. చక్రాల కుర్చీలోకి వచ్చిన మొదటి ఏడాది, జీన్స్ వెనక జేబుకున్న ఇత్తడి గుండీ ఒకటి ఆవిడ పిరుదు మీద నొక్కుకుంది. ఆవిడకి అక్కడ స్పర్శ లేదు. మాకు వాసన వచ్చేదాకా తెలియలేదు. ఆ పుండు మానడానికి నెలల తరబడి బోర్లా పడుకుంది. కట్టు మార్చింది నేనే. ఆ వాసన ఇప్పటికీ ఏ బట్టల దుకాణంలో జీన్స్ వరసలు చూసినా నా ముక్కుకి తగులుతుంది. అక్కడ ఎక్కువసేపు నిలబడలేను.

పుండు మానాక బస్ స్టేషన్లో టికెట్ల కౌంటర్ ఉద్యోగానికి తిరిగి వెళ్ళింది. టికెట్ అందించాలంటే ముందుకి వంగాలి. వంగినప్పుడల్లా ప్యాంటు వెనక కిందికి జారేది, చొక్కా పైకి లేచేది. వెనక బల్ల దగ్గర సామాన్ల గుమాస్తా కూర్చునేవాడు. ఒకరోజు వాడు, "ఏంటి మేడం, ఇవాళ రెండో కౌంటర్ కూడా తెరిచారు?" అన్నాడట. గదంతా నవ్విందట.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పి, "నవ్వినందుకు కాదే. వాడు చాలా రోజులుగా చూస్తున్నాడన్నమాట. అదీ నాకు కంపరం," అంది. మర్నాడు సెలవు పెట్టింది. ఆ మర్నాడు కూడా. వారం తిరిగేసరికి, ఒళ్ళు కప్పే ప్యాంటు దొరికితే వెళ్తాను, లేకపోతే రాజీనామా ఇస్తానంది.

అలా ఆ కుట్టుశాలకి వెళ్ళాం. కుర్చీలో ఉండేవాళ్ళకి ప్రత్యేకంగా కుడతామని బోర్డు. గోడ నిండా ఫొటోలు. ఫొటోల్లో ఉన్నవాళ్ళు నడవగలిగిన అమ్మాయిలని అక్క చూడగానే చెప్పేసింది. "కాళ్ళు చూడవే, అద్దె కుర్చీలో పిక్నిక్కి వచ్చినట్టు!" నాకు ఒళ్ళు మండిపోయింది.

ఓనరు అక్కని పైనుంచి కింద దాకా చూశాడు. "నడుం రెండు సైజులు పెంచితే సరి. వదులుగా ఉంటే హాయి కదండీ," అన్నాడు. పెంచి కుట్టారు. నడుం వదులైతే ప్యాంటు ఇంకా జారింది. వెనక సంచి మూతిలా తెరుచుకుంది. కౌంటర్ కాదు, ఏకంగా గోడౌనే తెరిచినట్టుందని అక్కే అంది.

రెండోసారి వెళ్ళినప్పుడు కట్టింగ్ చేసే ఆవిడ తనే బయటికి వచ్చింది. నోట్లో గుండుసూదులు, మెడలో టేపు. అక్కని కుర్చీలోంచి దిగమనలేదు. అక్క సొంత కుర్చీలో, సొంత కుషన్ మీదే, పాదాలు కుర్చీ కింది పలకల మీద ఆనించి కూర్చోబెట్టి కొలిచింది. నడుం చుట్టూ ఒకటి. వెనక నడుం దగ్గర్నుంచి కుషన్ దాకా ఒకటి. ముందు నడుం దగ్గర్నుంచి తొడల సందు దాకా ఒకటి. పొడవు కోసం నడుం నుంచి తొడ మీదుగా, వంగిన మోకాలి మీదుగా మడమ దాకా. చొక్కాకి మెడ వెనక ఎముక నుంచి కుషన్ దాకా.

"నిలబడితే ముందూ వెనకా కొలతలు దాదాపు ఒకటే ఉంటాయమ్మా. కూర్చుంటే వెనక సాగుతుంది, ముందు ముడుచుకుంటుంది. అందుకని వెనక ఎత్తుగా, ముందు కిందికి కోస్తాను."

ఓనరు మూతి తిప్పాడు. "వెనక అంత లేపితే హాంగర్ మీద వంకరగా కనబడుతుంది. ఎవరు కొంటారు?"

"హాంగర్ కూర్చోదు కదండీ," అంది అక్క.

ఆ ప్యాంటు బాగుంటుందనే అనుకున్నాం. అదీ జారింది. మునుపటంత కాదు, కానీ సాయంత్రానికి నాలుగు వేళ్ళ మేర వీపు బయటికి వచ్చింది. ముందు పట్టీ పొట్టని కోసి ఎర్రటి గీత పెట్టింది. అక్క దాన్ని కుట్టుశాల బల్ల మీదికి విసిరేసింది.

కట్టింగావిడ ప్యాంటుని చూడలేదు. అక్కనే చూస్తూ నిలబడింది.

"అమ్మా, మీరు ఇంట్లో కూడా ఇలాగే కూర్చుంటారా?"

"ఎలా?"

"ఇలా, మేకు దిగేసినట్టు."

నేను అందుకున్నాను. మా అక్క ఎప్పుడూ నిటారుగానే కూర్చుంటుందని చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను. చుట్టాలందరికీ నేను అదే చెప్పేదాన్ని.

"టేపు చూడగానే అందరూ ఊపిరి బిగబడతారు, వీపు లేపుతారు," అంది ఆవిడ. "కానీ బట్ట వేసుకునేది టేపు లేనప్పుడు. కూలబడితే తుంటి వెనక్కి దొర్లుతుంది, వీపు గుండ్రమవుతుంది, పొట్ట ముందుకొస్తుంది. ఆ వీపుకి బట్ట చాలక ప్యాంటు జారుతోంది. మీరు వదిలేసి కూర్చుంటే తప్ప నేను కొయ్యలేను."

అక్క మొహంలో వచ్చిన రోత అంతకుముందు చూడలేదు. ఓనరు మీద కాదు, గుమాస్తా మీద కాదు. తన పొట్ట వంక చూసుకుంది.

"సంచిలా పడిపోతాను. అది ఎవరూ చూడలేదు."

"నేను రోజూ చూసేవి అవేనమ్మా. నాకూ ఒకటుంది, కావాలంటే చూపిస్తాను."

అక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే ఓనరు ఫోన్ తీశాడు. "అలా వదిలేసినప్పుడు ఒక ఫొటో తీసుకుందాం. ముందు, తర్వాత అని పెడితే జనానికి బాగా ఎక్కుతుంది."

అంత అసహ్యం నాకు నా జన్మలో కలగలేదు. వాణ్ణి ఏమన్నానో రాయను. కట్టింగావిడ వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని, అక్క కుర్చీని కొలతలు తీసే తెర వెనక్కి తోసుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళబోతే అక్క నా వైపు తిరిగి, "నువ్వూ బయటే ఉండవే," అంది.

తెర అవతల టేపు విప్పిన చప్పుడు. తర్వాత ఒక పెద్ద నిట్టూర్పు, బరువు దించినట్టు. "ఊపిరి వదలండి, పూర్తిగా," అన్న మాట. నడుం రెండున్నర అంగుళాలు పెరిగింది. వెనక ఎత్తు ఇంకో అంగుళమున్నర.

ఆవిడ ఆ నడుం కొలతకే కోసింది. ముందు పట్టీ చదునుగా ఉంచి, సాగే పట్టీ వెనక భాగంలో మాత్రమే పెట్టింది. కూర్చునే చోట మందపాటి కుట్టు రాకుండా చూసింది. చొక్కా వెనక పొడవు కొత్త వీపు కొలత ప్రకారం పెంచి, కుషన్‌కి పైనే ఆపింది, కింద ముడతలు పడి ఒరుసుకోకుండా. హాంగర్‌కి తగిలిస్తే ప్యాంటు నిజంగానే వంకరగా ఉంది. అక్క దాన్ని వేసుకుని కౌంటర్‌కి వెళ్ళింది. రోజంతా వంగి టికెట్లిచ్చింది. సాయంత్రం నా ముందు కుర్చీ వెనక్కి తిప్పి, "చూడు, మూసేశాం," అంది.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఉద్యోగం చేసింది. గుమాస్తా బదిలీ అయ్యాడు. వాడిప్పుడు ఎక్కడున్నా వాడి మీద నా రోత అలాగే ఉంది. సెలవురోజుల్లో అక్క ఆ కుట్టుశాలకే వెళ్ళేది, కొత్తగా కోసిన బట్టలు తన మీద వేసి చూడమని. పొద్దున దింపి, సాయంత్రం నేనే తీసుకొచ్చేదాన్ని. ఎప్పుడు వెళ్ళినా వీపు నిలబెట్టి, గడపకి ఎదురుగా కూర్చుని ఉండేది.

అక్క పోయిన రెండు వారాలకి కట్టింగావిడ మా ఇంటికి వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ ఊరికే అన్నట్టు అంది.

"మా దగ్గర ఎంత హాయిగా కూలబడేదో తల్లీ, పొట్టమీద పళ్ళెం పెట్టుకుని తినేది. నువ్వొచ్చే వేళకి మాత్రం, 'చెల్లెలొస్తుంది, నన్ను కాస్త లేపండే' అనేది."