వంటగది లేని గది

మా ట్రావెల్స్ ఆఫీసులో నా కుర్చీ వెనక గోడంతా సముద్రం. అతికించిన సముద్రం. ఎడమ మూలన గోడ చెమర్చి కాగితం ఉబ్బింది. ఉబ్బిన చోట కొబ్బరిచెట్టుకి కణితి లేచినట్టుంటుంది. దానికి వీపు పెట్టి మూడేళ్ళుగా జనానికి సెలవులు అమ్ముతున్నాను. గిరాకీ లేనప్పుడు సొరుగులో పుస్తకం పెట్టుకుని చదువుతాను. గిరాకీ ఉన్నప్పుడు మనుషుల్ని చదువుతాను.

మా యజమానికి మేం పెట్టుకున్న పేరు చిరునవ్వు సార్. కస్టమర్ మెట్లెక్కగానే మొదలయ్యే ఆ నవ్వు, కస్టమర్ మెట్లు దిగగానే స్విచ్చి నొక్కినట్టు ఆరిపోతుంది.

ఆ సోమవారం నలుగురు వచ్చారు. ముందు కొడుకు, వెనక కోడలు, ఆ వెనక అత్తామామలు. కుర్చీలు మూడే ఉన్నాయి. పెద్దావిడ తలుపు పక్కన నిలబడింది. కొడుకు కూర్చున్నాడు. నేను లేచి నా కుర్చీ ఇస్తే ఆమె మొగుడి వైపు చూసి, కొడుకు వైపు చూసి, అంచు మీద కూర్చుంది. ఎవరైనా పిలిస్తే లేవడానికి వీలుగా.

"మా నాన్నగారు రిటైరయ్యారు" అన్నాడు కొడుకు. "నీళ్ళ పంపుహౌసులో ముప్ఫై ఆరేళ్ళు. ఇద్దరూ ఎప్పుడూ సరదాగా ఎక్కడికీ వెళ్ళలేదు. ఈసారి మేం దగ్గరుండి తిప్పుదామని."

"ఎంత మంచి ఆలోచన సార్! ఇలాంటి కొడుకులు ఎక్కడున్నారు ఈ రోజుల్లో!" అన్నాడు చిరునవ్వు సార్. ఆ మాట వారానికి నాలుగుసార్లు అంటాడు.

నేను ఫారం తీశాను. మొదట్లోనే ప్రయాణ ఉద్దేశం అని ఒక గడి ఉంటుంది. వినోదం అని రాసుకుంటూ, కొడుకు చెప్పిన ఊరి పేరు పైకి చదివాను. అంతవరకూ నోరు విప్పని పెద్దావిడ ముందుకు వంగింది.

"అక్కడ ఎవరికి బాగాలేదు?"

కోడలు పకపకా నవ్వింది. కొడుకు సిగ్గుపడ్డాడు. "ఎవరికీ ఏమీ కాలేదమ్మా, ఊరికే వెళ్తున్నాం."

"ఊరికేనా?" అంది ఆమె. నమ్మలేదు.

ఆమె తప్పేం లేదు. పెళ్ళయ్యాక ఆమె రైలెక్కింది ఎనిమిదిసార్లట. ఆడపడుచు పురుళ్ళకి మూడుసార్లు, మామగారి ఆపరేషన్‌కి రెండుసార్లు, అన్న పోయినప్పుడొకసారి, కోడలి పురుళ్ళకి రెండుసార్లు. వేళ్ళు ముడిచి లెక్క చెప్పింది. ప్రతి ప్రయాణానికీ అవతల ఒక మంచమూ, ఆ మంచం మీద ఒక మనిషీ ఉన్నారు. ఏ మంచమూ లేని చోటికి ఎందుకు పోవాలో ఆమెకి అర్థం కాలేదు.

కొడుకు మాత్రం అన్నీ ముందే చూసుకుని వచ్చాడు. ఫోన్ తిప్పి చూపించాడు. మూడు పడగ్గదుల విల్లా, ఐదు రోజులు, సముద్రం ఒడ్డున. పెద్దవాళ్ళిద్దరూ, తామిద్దరూ, పిల్లలిద్దరూ.

"హోటల్ గదులైతే ఇంకా తేలిక కదండీ?" అన్నాను.

"హోటలెందుకు? దీనికి వంటగది ఉంది" అన్నాడు. "అమ్మకి బయట తిండి పడదు. పిల్లలు కూడా నానమ్మ చేతి వంటైతేనే తింటారు."

కోడలు ఫోన్ దగ్గరికి లాక్కుంది. "స్టవ్‌కి ఎన్ని బర్నర్లున్నాయి?"

"రెండు."

"రెండేనా? ఆరుగురికి అత్తయ్యకి ఇబ్బంది కదా. నాలుగున్నది చూడండి."

అత్తయ్య మీద ఎంత ప్రేమో! సముద్రం చూపిస్తామని నాలుగు పొయ్యిల ముందు నిలబెడుతున్నారు. నాకు నోరు చేదెక్కింది. నాలుగు బర్నర్లున్నదే వెతికి ఇచ్చాను. జీతగాణ్ణి.

పెద్దావిడ మెల్లగా అడిగింది. "గిన్నెలు వాళ్ళిస్తారా బాబూ, మనమే పట్టుకెళ్ళాలా?"

బుకింగ్ ఎవరి పేరు మీద అని అడిగాను. అరవై దాటిన వాళ్ళ పేరు మీద చేస్తే ఆ విల్లావాళ్ళు కొంత తగ్గిస్తారు. అది తెలియగానే కొడుకు "అయితే నాన్న పేరే వెయ్యండి" అన్నాడు. అలా పంపు ఆపరేటర్ గారు జీవితంలో మొదటిసారి ఒక సెలవుకి యజమాని అయ్యారు. ఆయన ఫారం మొత్తం చదివి, చదివినచోటల్లా వేలు పెట్టి, చివర సంతకం చేశారు. ఆ తర్వాత కూడా ఏమీ అనలేదు. యంత్రాల మోతలో బతికినవాళ్ళు అంతే, అరవకుండా వినపడదని మాట్లాడటమే మానేస్తారు.

బుధవారం పదిన్నరకి పెద్దావిడ ఒక్కతే వచ్చింది, కూరల సంచితో. చిరునవ్వు సార్ బ్యాంకుకి వెళ్ళాడు. సంచి బల్ల కింద పెట్టి, చుట్టూ చూసి, దొంగసరుకు అడిగినట్టు అడిగింది.

"వంటగది లేని గదులుంటాయా బాబూ?"

"చాలా ఉంటాయమ్మా. అసలు గదులంటే అవే."

"అందులో పొద్దున్న టీ ఎవరు పెడతారు?"

"వాళ్ళే పెట్టి తెచ్చిస్తారు."

"తలుపు దగ్గరికా?"

"మంచం దగ్గరికి తెమ్మన్నా తెస్తారు."

ఆమె కాసేపు గోడ మీది సముద్రం చూసింది. "మా ఆయనది పొద్దున్న షిఫ్టు. ఐదింటికల్లా పంపుహౌసులో ఉండాలి. నేను మూడున్నరకి లేచేదాన్ని. క్యారేజీ కట్టాలి కదా. ఇప్పుడాయన రిటైరయ్యాడు. నాకింకా మూడున్నరకే మెలకువొస్తుంది. లేచి ఏం చెయ్యాలో తెలీక పొయ్యి తుడుస్తాను." నవ్వింది. "నాకు సముద్రం అక్కర్లేదు బాబూ. నేను లేచేసరికి ఎవరైనా టీ పట్టుకుని నిలబడితే చాలు. ఎలా ఉంటుందో ఒకసారి చూడాలనుంది."

ముప్ఫై ఆరేళ్ళకి ఆమె అడిగిన విలాసం అది. ఇంత చిన్న కోరిక వింటే కరిగిపోయేవాళ్ళుంటారు. నాకు అసహ్యమేసింది. ఆమె మీద కాదు. దాన్ని కూడా దొంగచాటుగా అడగాల్సి వచ్చినందుకు.

మా పద్ధతి చెప్పాను. బుకింగ్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే మార్చగలరు, లేదా రద్దు చేయగలరు. కొడుకు కట్టినది పూర్తిగా కొడుక్కే వెనక్కి పోతుంది. శుక్రవారం పన్నెండు దాటితే మాత్రం ఏమీ రాదు.

"అంటే ఆయన సంతకం పెట్టాలా?"

"ఆయనొక్కరే పెట్టాలి."

"పెట్టడు బాబూ. పిల్లాడు మనసుపడి చేశాడంటాడు."

"పిల్లాడు మనసుపడింది బర్నర్ల మీదమ్మా."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని గట్టిగా నవ్వింది. వెంటనే, కొడుకుని ఆడిపోసుకున్నానేమోనని కంగారుపడి, "వాడు మంచోడే బాబూ" అంటూ సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక రాదనుకున్నాను. శుక్రవారం పదకొండున్నరకి ఇద్దరూ వచ్చారు. ముందు ఆయన, వెనక ఆమె. ఆమె మొహం చూస్తే ఇంటి దగ్గరే సగం యుద్ధం అయిందని తెలుస్తోంది. మా సార్ నవ్వు వెలిగించుకుని ఎదురొచ్చాడు.

"ఈమె ఏదో గది అడిగిందట" అన్నారు పంపు ఆపరేటర్ గారు నాతో. "చూపించండి."

కొండమీది చిన్న హోటల్ చూపించాను. ఇక్కణ్ణించి బస్సుంది. గది, ఉదయం టీ, మూడుపూటలా భోజనం. మనుషులు ఇద్దరు. ఆయన ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా చూశారు.

"పొయ్యి ఎక్కడా లేదు కదా?"

"లేదండీ."

"విల్లా రద్దు చెయ్యండి. ఇది రాయండి. ఇది మాత్రం నేను కడతాను."

సార్ నవ్వు సగం ఆరింది. "అయ్యో, పెద్దవారు, ఒక్కసారి అబ్బాయిగారితో కూడా..."

ఆ మాటకి పెద్దావిడ ధైర్యం చెదిరింది. "వద్దులెండి" అంది మొగుడితో. "ఏదో నోటికొచ్చి అన్నాను. పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. రెండు పూటలు వండిపెడితే నా చేతులు అరిగిపోతాయా ఏంటి?"

గోడ గడియారంలో పన్నెండుకి పదమూడు నిమిషాలు. ఆయన మొదటిసారి ఆమె వైపు పూర్తిగా తిరిగారు.

"నా బదులు రిలీవర్ రాకుండా నేనెప్పుడూ పంపు వదల్లేదు. వచ్చాక మాత్రం ఒక్క నిమిషం ఆగలేదు. అవునా?"

"అవును."

"నీకెవరొచ్చారు?"

ఆయన పెన్ను కోసం చెయ్యి చాచారు. నేను ఇచ్చాను. విల్లా రద్దు కాగితం మీద వేలు పెట్టి చదివి, సంతకం పెట్టారు. పన్నెండుకి ఎనిమిది నిమిషాలుండగా నేను రద్దు నొక్కాను. మూడేళ్ళలో ఈ కంప్యూటర్ మీద ఇష్టంగా నొక్కిన మీట అదొక్కటే.

కొత్త ఫారంలో ఉదయం టీ ఎన్ని గంటలకు అని ఒక గడి ఉంది.

"ఆరు" అంది ఆమె. "మరీ పొద్దెక్కితే వాళ్ళేమనుకుంటారో."

"ఖాళీగా వదిలెయ్యి బాబూ" అన్నారాయన. "ఆమె లేచాక నేను చెప్తాను వాళ్ళకి."

రద్దయిన కబురు కొడుకు ఫోన్‌కి వెళ్ళినట్టుంది. మధ్యాహ్నం మూడింటికి కోడలితో సహా వచ్చాడు. నేననుకున్నట్టే ముందు మా మీద అరిచాడు. వయసు పైబడినవాళ్ళని మాయ చేశామన్నాడు. సార్ నన్ను చూపించి, "వీడికి బుద్ధి లేదు సార్, పుస్తకాలు చదివి చెడిపోయాడు" అన్నాడు. కస్టమర్ ఎదురుగా ఆ నవ్వు పూర్తిగా ఆరిపోవడం నేను చూసింది ఆ రోజే. ఆర్పేశాక అక్కడ ఏమీ లేదు, పెచ్చులూడిన గోడ లాంటి మొహం.

"వాళ్ళిద్దరే కొండమీద ఏం చేస్తారు?" అని కొడుకు బల్ల చరిచాడు. "ఒంట్లో బాగాలేకపోతే? దారి తెలీకపోతే? అసలు మేం అందరం కలిసి సంతోషంగా ఉందామనే కదా చేసింది! ఇప్పుడు మేం సముద్రానికి వెళ్తే పిల్లలకి ఎవరు వండుతారు?"

కోడలు తల దించుకుని చెప్పు చూసుకుంది. ఆమె విన్నది, పాపం. అతను మాత్రం తన మాట తనే వినలేదు. జవాబు కోసం మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు, మేం ఒక వంటమనిషిని ఇస్తామన్నట్టు.

"హోటల్ గదులున్నాయి సార్" అన్నాను. "మూడుపూటలా భోజనం వాళ్ళే పెడతారు."

"అంత ఖర్చా?" అన్నాడు.

పదిరోజుల తర్వాత ఒక ఉదయం మా ఆఫీసు ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. వెళ్ళొచ్చినవాళ్ళ ఫోటోలు మా సార్ బోర్డు మీద పెడతాడు. చేతులు చాచినవాళ్ళు, నీళ్ళలో ఎగిరినవాళ్ళు, ఎవరో నవ్వమంటే నవ్వినవాళ్ళు. అందుకే ప్రతివాళ్ళనీ ఫోటో పంపమని అడగడం నా పని.

ఈ ఫోటోలో కొండ లేదు. మంచం ఉంది. దాని మీద పెద్దావిడ పక్కకి తిరిగి, నోరు కొంచెం తెరిచి, ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. కిటికీలోంచి వచ్చిన ఎండ దుప్పటి దాటి ఎదుటి గోడ దాకా పాకింది. పక్కన స్టూలు మీద కప్పు, కప్పు మీద సాసర్ మూత. కింద ఆయన తప్పుల్లేకుండా రాశారు: "తొమ్మిదిన్నర. టీ మూడోసారి తెప్పించాను. లేపలేదు."

చిరునవ్వు సార్ నా భుజం మీంచి చూశాడు.

"ఛీ, ఇదేం ఫోటో? వెళ్ళింది పడుకోడానికా? దీన్ని చూసి ఎవడొస్తాడు మన దగ్గరికి? తీసెయ్ దాన్ని" అన్నాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడగానే తలుపు వైపు తిరిగి నవ్వు వెలిగించుకున్నాడు.

నేను తియ్యలేదు. నాలుగోసారి తెప్పించారో లేదో అడుగుతూ ఆయనకి జవాబు రాశాను.