నలుగురి పది నిమిషాలు

నలుగురి ముందు నిలబడి మాట్లాడాలంటే నాకు చిన్నప్పటి నుంచి భయం. అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంబీఏ రెండో ఏడు చదువుతుండగా గ్రూప్ సెమినార్ పెట్టినప్పుడు, అందరికన్నా ముందే ఒక పని అడిగి తీసుకున్నాను. స్లైడ్లన్నీ ఒకచోట పేర్చడం, ఆ రోజు లాప్‌టాప్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ తిప్పడం. నోరు తెరవక్కర్లేని పని అదొక్కటే.

మా గ్రూపులో నలుగురం. నగరం మధ్యలోని కొత్తపేట నుంచి ఊరి బయట హైవే పక్కనున్న బాటసింగారానికి తరలిపోయిన పండ్ల మార్కెట్ మా అంశం. దాని గురించి పది నిమిషాల్లో చెప్పాలి. వెళ్లి చూశాం, ఫొటోలు తీశాం, అక్కడివాళ్లతో మాట్లాడాం. అంతవరకూ అందరం ఒక్కటే. ఏది ముఖ్యం అన్న దగ్గర విడిపోయాం.

మాలో ఒకతను చంపాపేటలో ఉంటాడు, నల్గొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం. వాళ్లమ్మ తోపుడు బండి మీద పండ్లు అమ్ముతుంది. మార్కెట్ కొత్తపేటలో ఉన్నప్పుడు తెల్లవారుజామున వెళ్లి సరుకు తెచ్చుకునేది. ఇప్పుడు నలుగురైదుగురు కలిసి ఆటో మాట్లాడుకుని బాటసింగారం దాకా పోవాలి. అతనికి సెమినార్ అంటే అదే. ఇంకొకామె కృష్ణా జిల్లా నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. వాళ్ల నాన్న మామిడి తోటలు కౌలుకు తీసుకుని కాయ లారీల్లో పంపుతాడు. ఆమెకు సెమినార్ అంటే లారీలు, షెడ్లు, ధరల గ్రాఫులు.

"గా షెడ్ల ఫొటోలు ఎవలిక్కావాలె? బండ్లోళ్లు ఎట్ల బతుకుతున్నరో చెప్పకుంట గీ గ్రాఫులేంది?"

"మీ అమ్మగారి గురించి చెప్పొద్దన్నానా నేను? అన్నీ ఏడుపుగొట్టు స్లైడ్లే పెడితే మార్కులెవరు వేస్తారు?"

"ఏడుపుగొట్టు" అన్న మాటకు అతని ముఖం నల్లబడింది. నాలుగో అతను, ఎల్బీ నగర్‌లో మా వెనక వీధి అబ్బాయి, నవ్వించబోయాడు. "మీరిద్దరు ఎంతైనా కొట్టుకోండ్రి. నాకు మాత్రం థ్యాంక్యూ అనే స్లైడ్ ఇడిసిపెట్టుండ్రి, మంచిగ చెప్తా." ఎవరూ నవ్వలేదు.

చివరికి తగవు పెంచుకోవడం ఇష్టంలేక, చెరో ఐదు నిమిషాలు పంచుకున్నారు. న్యాయంగానే ఉందనిపించింది. నేను ఆమె స్లైడ్ల వెనక అతని స్లైడ్లు అతికించాను.

సెమినార్ ముందు రోజు రివ్యూకి, మార్కులు వేసే మేడమ్ ముందు కూర్చున్నాం. హాస్టల్ అమ్మాయి "మార్కెట్ తరలింపుతో వ్యాపారం బాగుపడింది" అని ముగించింది. నేను బటన్ నొక్కాను. "మార్కెట్ తరలింపుతో బతుకులు దెబ్బతిన్నాయి" అని అతని మొదటి స్లైడ్ వచ్చింది. మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది సెమినారా, కోర్టులో వాదనలా? వినేవాళ్లు ఏం పట్టుకుని ఇంటికి పోవాలమ్మా?"

మేడమ్ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"రేపు పొద్దున్నకల్లా ఒక మాట మీదికి రండి. రాలేకపోతే గ్రూప్ లేదు. నలుగురూ విడివిడిగా చెప్పండి. ఎవరి పది నిమిషాలు వాళ్లవి."

ఎవరి పది నిమిషాలు వాళ్లవి. క్లాసంతా నన్నే చూస్తుండగా ఒక్కదాన్నే ఆ బల్ల పక్కన నిలబడి ఉండటం కళ్ల ముందు మెదిలింది. మిగతా ముగ్గురికీ అది చిరాకు. నాకు మాత్రం ప్రాణం మీదికి వచ్చినట్టే.

సాయంత్రం ఖాళీ క్లాస్‌రూమ్‌లో మళ్లీ కూర్చున్నాం. కింద రోడ్డు మీద బస్సుల హారన్లు. ఎల్బీ నగర్ అబ్బాయి బెంచీ ఎక్కి కూర్చున్నాడు.

"ఓటింగ్ పెడదాం. ఎక్కువ మంది ఎటుంటే గటే."

అతను చంపాపేట అబ్బాయికి జిగ్రీ దోస్త్. అంటే అటు రెండు ఓట్లు ఖాయం. ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను అటు వేస్తే హాస్టల్ అమ్మాయి ఓడిపోతుంది. ఆమె వైపు వేస్తే లెక్క సమానం. ఓడిపోయిన మనిషి రేపు తనది కాని మాటను అప్పజెప్పినట్టు చెప్తుంది. మేడమ్ అది పట్టేస్తారు. అదంతా లోపలే అనుకున్నాను. బయటికి రాలేదు.

"ఏందీ, మౌనవ్రతమా?" అన్నాడు బెంచీ మీది అబ్బాయి.

"అది ఎప్పుడు మాట్లాడింది గనక?" అంది ఆమె.

నోటితో చెప్పలేనిది రాసి చెప్పడం నాకు అలవాటు. ఇంట్లో అమ్మ మీద అలిగినా చీటీయే రాసేదాన్ని. ఒక కాగితం నాలుగు ముక్కలు చేసి పంచాను. నా ముక్క మీద ఇలా రాసి వాళ్ల ముందుకు జరిపాను: "వినేవాళ్లకి ఒక్క వాక్యమే గుర్తుంటుంది అనుకుంటే, అది ఏది? మాట్లాడుకోకుండా రాయండి."

"పరీక్షనా?" అని గొణిగాడు చంపాపేట అబ్బాయి. కానీ రాశాడు.

చీటీలు పక్కపక్కన పెట్టాను. ఆమె రాసింది: "పగలు లారీలు నగరంలోకి రానివ్వక కాయ ఎండకు మెత్తబడేది, ఇప్పుడు హైవే మీదే దిగుతోంది." అతను రాసింది: "కాయ హైవే మీద దిగుతున్నది, అక్కడికి పోయి తెచ్చుకునే కష్టం బండి మనిషిది." మూడో చీటీ మీద "ఆకలైతుంది" అని ఉంది.

ఆమె రెండు చీటీలూ ముందుకు లాక్కుని మళ్లీ చదివింది.

"లారీకి తగ్గిన దూరమే బండికి పెరిగిందన్నమాట," అంది నెమ్మదిగా.

"మరి నేను చెప్తున్నదేంది ఇంతసేపు?" అన్నాడతను. "కానీ మీ లారీ సంగతి నాకు తెల్వదు. కాయ కరాబయితదని అనుకోలె."

"ఆ రోజు ఏడుపుగొట్టు అన్నాను. అనకూడదు. ఏమనుకోకు."

నేను నా చీటీ వెనక్కి తిప్పి రాశాను: "మార్కెట్ ఊరు దాటింది. ఆ దూరం ఎవరికి తగ్గింది, ఎవరికి పెరిగింది?" ఇక ప్రతి స్లైడ్‌నీ ఆ ప్రశ్న ముందు నిలబెట్టాం. జవాబు చెప్పేది ఉంటుంది. చెప్పనిది చివరికి పోతుంది, ఎవరైనా ప్రశ్న అడిగితే చూపించడానికి. షెడ్ల ఫొటోలు పోయాయి. చంపాపేట అబ్బాయి వాళ్లమ్మ ఇంటర్వ్యూలో ఊరి కబుర్లు పోయాయి. అతను కళ్లు పక్కకి తిప్పుకుని "తియ్యి" అన్నాడు. ధరల గ్రాఫుల్లో ఒక్కటే మిగిలింది. నేను ఇష్టపడి రాసుకొచ్చిన పాత మార్కెట్ జ్ఞాపకాల స్లైడ్ వచ్చింది. ఎవరూ ఏమీ అనకముందే నేనే కిందికి లాగేశాను.

అంతా కుదిరింది. గుండె కుదుటపడుతుండగా ఆమె అడిగింది. "మొదట్లో ఆ ప్రశ్న ఎవరు చెప్తారు?"

"నేను చెప్త."

"నువ్వు చెబితే మొదటి నుంచే మీ వైపు మొగ్గుతుంది."

"నువ్వు చెప్తే లారీ దిక్కు పోతది!"

మళ్లీ మొదలైంది. బెంచీ మీది అబ్బాయి చెయ్యెత్తగానే ఇద్దరూ ఒకేసారి "నువ్వొద్దు" అన్నారు. తర్వాత ఇద్దరూ నన్ను చూశారు.

"ఎవరి వైపూ లేనిది నువ్వొక్కదానివే," అందామె.

నేను తల అడ్డంగా ఊపాను. చీటీ కోసం వెతికాను. ముక్కలన్నీ అయిపోయాయి.

"గంతే కదా, రెండు వాక్యాలు," అన్నాడు చంపాపేట అబ్బాయి. "కాదంటవా, రేపు ఒక్కదానివే పది నిమిషాలు."

ఇంటికి మెట్రోలో ఎల్బీ నగర్ దాకా తలుపు పక్కన నిలబడి ఆ రెండు వాక్యాలే పెదాల మీద తిప్పుకుంటూ వచ్చాను. స్టేషన్ రాగానే మరిచిపోయాననిపించి, మెట్ల మీద ఆగి మళ్లీ మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున మా గ్రూపును పిలిచారు. లాప్‌టాప్ ఎల్బీ నగర్ అబ్బాయి చేతికిచ్చి బల్ల పక్కకు వెళ్లాను. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. మేడమ్ పెన్ను మూత తీశారు. పక్కన నిలబడి ఉన్న ఆ ఇద్దరినీ చూశాను. నాకన్నా వాళ్లే ఎక్కువ భయపడుతున్నారు. ఇద్దరి పెదాలూ చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఇద్దరివీ నా వాక్యాలే.

"మార్కెట్," అన్నాను. గొంతు జీరబోయింది. మళ్లీ అన్నాను. "మార్కెట్ ఊరు దాటింది."